ఆన్‌లైన్‌లో దొరికిన కిచెన్‌లో రోజూ భోజనం పెట్టుకునే ముందు ఏమేం చూడాలి

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు తెరిచినా పొద్దున తొమ్మిదయ్యేసరికి "ఈరోజు మెనూ" అంటూ నాలుగైదు మెసేజ్‌లు ఉంటాయి. టమాటా పప్పు, బెండకాయ వేపుడు, చారు, పెరుగు, 120 రూపాయలు, డెలివరీ ఎక్స్‌ట్రా. ఇంకోవైపు స్విగ్గీ, జొమాటోలు తెరిస్తే "అమ్మ చేతి వంట" లాంటి పేర్లతో బోలెడు బ్రాండ్‌లు. వాటిలో చాలావాటికి బయట బోర్డు కూడా ఉండదు, ఏ షట్టర్ వెనకో వంట నడుస్తుంటుంది, వాటినే క్లౌడ్ కిచెన్లంటారు. రెండూ "ఇంటి భోజనం" అనే అంటాయి, రెండింటి ఫోటోలూ బ్రహ్మాండంగా ఉంటాయి. ఆ ఫోటోలు మనకి పనికొచ్చేవి కావు కాబట్టి పనికొచ్చేవేంటో వరసగా చెబుతాను. రోజూ మధ్యాహ్నం భోజనం తెప్పించుకునేవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, ఎప్పుడో నెలకోసారి బిర్యానీ తెప్పించుకునేవాళ్లకి ఇంత తతంగం అక్కర్లేదు.

ముందు నంబర్ అడగండి

తిండి అమ్మేవాళ్లు ఇంట్లో వండినా సరే, వాళ్లకి తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉండాలి. చిన్న స్థాయిలో చేసేవాళ్లకి రిజిస్ట్రేషన్, పెద్దవాళ్లకి లైసెన్స్. ఏదైనా 14 అంకెలే. స్విగ్గీ, జొమాటోల్లో ఆ కిచెన్ పేజీని చివరిదాకా కిందికి జరిపితే కనిపిస్తుంది, పక్కనే అడ్రస్ కూడా ఉంటుంది. వాట్సాప్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో అమ్మేవాళ్లనైతే నేరుగా అడగాలి. "ఆంటీ, మా ఆఫీసులో నలుగురం తీసుకుందామనుకుంటున్నాం, మీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఒకసారి పంపిస్తారా" అంటే చాలు. ఉన్నవాళ్లు రెండు నిమిషాల్లో పంపేస్తారు. లేనివాళ్లు "మేం ఇంట్లో వండేదే కదమ్మా, మాకెందుకు అవన్నీ" అంటారు. అలా అన్నంత మాత్రాన వాళ్ల వంటిల్లు మురికిగా ఉంటుందని కాదు, చాలామందికి నిజంగానే తెలియదు. కానీ రేపు తేడా వస్తే మీరు పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

నంబర్ వచ్చాక foscos.fssai.gov.in లో FBO Search అని ఉంటుంది, అందులో కొట్టి చూడండి. పేరు, అడ్రస్, ఇంకా చెల్లుబాటులో ఉందా లేదా, ఈ మూడు చూస్తే చాలు. అంకెల్ని బట్టి కూడా కొంత తెలుస్తుంది. మొదటి అంకె 1 అయితే లైసెన్స్, 2 అయితే రిజిస్ట్రేషన్. తర్వాతి రెండు రాష్ట్రం, తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 01. కూకట్‌పల్లిలో వండుతున్నామని చెప్పే చిన్న హోమ్ కిచెన్ నంబర్ 236తో కాకుండా వేరే రాష్ట్రం కోడ్‌తో మొదలైతే అది ఇంకెవరిదో అయి ఉంటుంది. కొందరు 17 అంకెలది పంపుతారు, అది దరఖాస్తు పెట్టినప్పుడు ఇచ్చే రిఫరెన్స్ నంబర్ మాత్రమే. అంటే అప్లై చేశారు, ఇంకా రాలేదు.

ఇంకో మాట. నంబర్ ఉంటే శుభ్రత ఉన్నట్టు కాదు. చిన్నవాళ్ల రిజిస్ట్రేషన్ వంటిల్లు ఎవరూ వచ్చి చూడకుండానే ఇచ్చెయ్యొచ్చు, రూల్ అలాగే ఉంది. ఆ నంబర్ వల్ల తెలిసేది ఎవరు, ఎక్కడ వండుతున్నారన్నది మాత్రమే. శుభ్రత సంగతి మనమే చూసుకోవాలి.

ఒకే అడ్రస్‌లో ఎన్ని బ్రాండ్‌లు

క్లౌడ్ కిచెన్ అయితే ఈ పని తప్పకుండా చెయ్యండి. మీకు నచ్చిన బ్రాండ్ పేజీలో అడ్రస్, నంబర్ గుర్తుపెట్టుకుని, అదే ఏరియాలో కనిపించే బిర్యానీ, చైనీస్, పరాఠా, వాఫుల్ బ్రాండ్‌ల పేజీల్లో కూడా కిందికి వెళ్లి చూడండి. చాలాసార్లు అదే నంబర్, అదే అడ్రస్ ఎదురవుతుంది. ఒకే కిచెన్ నాలుగు పేర్లతో అమ్మడం నేరమేమీ కాదు, అద్దె, మనుషులు కలిసొస్తారు కాబట్టి అలా చేస్తారు. మనకి దాంతో ఉన్న లాభం వేరే. ఒక పేరు మీద రేటింగ్ పడిపోతే కొత్త పేరు పెట్టి మళ్లీ మొదలెట్టే అవకాశం ఉంది కదా, కొత్త బ్రాండ్‌కి రివ్యూలే ఉండవు. అప్పుడు పక్క బ్రాండ్ రివ్యూలు చదివితే ఆ వంటగది చరిత్ర అంతా దొరుకుతుంది.

మెనూ పొడవు కూడా చూడండి. ఇద్దరు ముగ్గురు మాస్టర్‌లున్న చోట రెండు వందల ఐటమ్‌లు ఉన్నాయంటే అవి ఆర్డర్ వచ్చాక మొదటినుంచి వండేవి కావు. రెండు మూడు రకాల గ్రేవీ ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టి, ఆర్డర్ రాగానే పనీర్ వేస్తే పనీర్ కర్రీ, చికెన్ వేస్తే చికెన్ కర్రీ. పద్ధతిగా చల్లార్చి, తేదీ రాసి పెట్టుకుంటే ఇదీ తప్పు కాదు. కాకపోతే 2024లో తెలంగాణ ఫుడ్ సేఫ్టీ వాళ్లు హైదరాబాద్ హోటళ్లలో వరసగా తనిఖీలు చేసినప్పుడు మళ్లీ మళ్లీ బయటపడింది సరిగ్గా ఇదే. ఫ్రిజ్‌లో తేదీ లేని డబ్బాలు, పచ్చిమాంసం పక్కనే వండిన కూరలు, గడువు దాటిన సరుకులు.

రివ్యూలు చదివేటప్పుడు ఐదు చుక్కలవి, ఒక చుక్కవి వదిలేసి రెండు, మూడు చుక్కలవి కొత్తవి ముందు చదవండి. విషయం వాటిలోనే ఉంటుంది. "టేస్ట్ బాగుంది కానీ ఈసారి కూర తగ్గించారు", "అన్నం పుల్లటి వాసన వచ్చింది" లాంటివి. కడుపు పాడైందని ఒక్కరు రాస్తే దాన్ని పట్టి తీర్పు చెప్పేయకండి. కొన్ని క్రిములు తిన్న గంటల్లో వాంతులు చేయిస్తాయి, సాల్మొనెల్లా లాంటివి బయటపడటానికి రెండు మూడు రోజులు కూడా పట్టొచ్చు, కాబట్టి ఆఖరుసారి తిన్న బాక్సే కారణమని ఆ మనిషికీ కచ్చితంగా తెలియదు. అదే తేదీకి అటూఇటూ ముగ్గురు నలుగురు రాస్తే మాత్రం ఆ కిచెన్ జోలికి వెళ్లొద్దు.

ఎప్పుడు వండుతారు, ఎన్ని బాక్సులు

హోమ్ కిచెన్‌ని అంచనా వెయ్యడానికి నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఈ రెండు ప్రశ్నలే. చాలామంది "నూనె ఏది వాడతారు, నీళ్లు ఏవి వాడతారు" అని అడుగుతారు. వాటికి ఎవరైనా మంచి సమాధానమే చెబుతారు. టైమూ లెక్కా మాత్రం దాచడం కష్టం.

ఒక లెక్క వేద్దాం. ఒక ఇంట్లో మూడు బర్నర్ల స్టవ్, ఐదు లీటర్ల కుక్కర్ ఉన్నాయి, రోజుకి 60 బాక్సులు ఇస్తున్నారు అనుకోండి. బాక్సుకి వంద గ్రాముల బియ్యం వేసుకున్నా ఆరు కిలోలు. ఆ కుక్కర్‌లో ఒక వాయికి కిలో, మహా అయితే ఇంకో పావు పడుతుంది. అంటే అన్నమే ఐదారు వాయిలు, ఎక్కించి దించి గిన్నెలోకి మార్చేసరికి వాయికి అరగంట. ఇంకా పప్పు, వేపుడు, చారు ఉన్నాయి. పన్నెండుకి బాక్సులు కట్టి పంపాలంటే ఆరింటికే మొదలుపెట్టాలి. అప్పుడు మొదటి వాయి అన్నం ఆరున్నరకి దిగి, మీరు ఒంటిగంటన్నరకి మూత తీసేసరికి ఏడు గంటలైంది. ఆ ఏడు గంటలూ అది పొయ్యి మీద లేదు, ఫ్రిజ్‌లోనూ లేదు.

ఇందులో ఇబ్బంది ఏంటంటే, వండిన పదార్థం 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య గంటల తరబడి ఉంటే క్రిములు పెరుగుతాయి. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అని ఒకటి ఉంటుంది, దాని బీజాలు ఉడికించినా చావవు, గోరువెచ్చగా ఉన్నంతసేపూ మొలకెత్తి విషం తయారు చేస్తాయి. వాంతులు చేయించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. "ఆఫీసులో మైక్రోవేవ్ ఉంది కదా, వేడి చేసుకుంటాంలే" అనుకోవడం అందుకే పనికిరాదు. ముందుగా వండటంకన్నా వండినదాన్ని గోరువెచ్చగా ఉంచెయ్యడమే ఎక్కువ ప్రమాదం. పెద్ద హాట్ బాక్సుల్లో పొగలు కక్కేలా పెట్టి, పంపే ముందు బాక్సుల్లో సర్దితే ఆ ఏడు గంటలతో ఇంత భయం లేదు.

అందుకని అడగాల్సింది ఇలా: "ఆర్డర్ ఎప్పటిలోగా చెప్పాలి? అన్నం ఎన్నింటికి వండుతారు? రోజుకి ఎన్ని బాక్సులు తీసుకుంటారు?" మంచి సమాధానం ఇలా ఉంటుంది: "రాత్రి తొమ్మిదిలోపు చెప్పాలమ్మా, పాతికకి మించి తీసుకోను, అన్నం పదిన్నర తర్వాతే పెడతా." "ఎప్పుడైనా చెప్పండి, ఎన్నైనా పంపిస్తాం" అన్నవాళ్ల దగ్గర ఏదో ఒకటి ముందే వండి ఉంది. పన్నెండున్నరకి మెసేజ్ పెడితే ఒంటిగంటకి పది బాక్సులు వచ్చేశాయంటే సంతోషించాల్సిన పనేం లేదు, ఎవరికోసం ఎప్పుడు వండినవో ఆలోచించాలి.

కొత్త కిచెన్ దగ్గర మొదటిసారి ఏం చెప్పాలో కూడా ఇక్కడే చెప్పేస్తాను. పులిహోర, చపాతీ, పొడి వేపుడు లాంటివి కాస్త తట్టుకుంటాయి. పులిహోరలో చింతపండు పులుపు క్రిముల్ని కొంత ఆపుతుంది. కొబ్బరి చట్నీ, రొయ్యలు, గుడ్డు మయొనైజ్ మాత్రం కొన్నాళ్లు నమ్మకం కుదిరాకే. పచ్చిగుడ్డుతో చేసే మయొనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాదిపాటు నిషేధించింది కూడా.

మొదటి బాక్సు మీరే వెళ్లి తెచ్చుకోండి

డెలివరీ పెట్టుకోకుండా "నేనే వచ్చి తీసుకుంటాను" అనండి. వద్దని గట్టిగా అన్నారంటే ఎందుకో ఆలోచించండి, అయితే ఒంటరిగా ఉండే ఆడవాళ్లు తెలియనివాళ్లని ఇంటికి రావొద్దంటే అది వేరే విషయం, అందులో తప్పు పట్టకూడదు. వెళ్లాక వంటింట్లోకి తొంగిచూడాల్సిన పనిలేదు, గుమ్మం దగ్గర రెండు నిమిషాలు నిలబడితే చాలు. బాక్సులు బల్ల మీద కడుతున్నారా, నేల మీద పేపర్ పరిచి కడుతున్నారా? డబ్బులు తీసుకున్న చేత్తోనే అన్నం సర్దుతున్నారా? చెత్తబుట్టకి మూత ఉందా? తుడిచే గుడ్డ ఒకటేనా, దాంతోనే బల్లా చేతులూ తుడుస్తున్నారా? ఇందులో గుడ్డ నాకు అన్నిటికంటే ముఖ్యం. స్టీలు సామాను తళతళలాడుతున్నా తడిగుడ్డ నల్లగా, జిడ్డుగా ఉంటే ఆ వంటింట్లో కడగడం కంటే తుడవడమే ఎక్కువ జరుగుతోందని అర్థం.

క్లౌడ్ కిచెన్ దగ్గర లోపలికి పంపరు. అక్కడ బండ్ల మీద కూర్చుని ఆర్డర్ కోసం ఎదురుచూసే డెలివరీ కుర్రాళ్లని అడగండి. "అన్నా, లోపల ఎట్లుంటది? నువ్వు తింటవా ఇక్కడ?" రోజూ అదే కౌంటర్ ముందు నిలబడేవాళ్లు, వాళ్లకి దాచాల్సిన అవసరం లేదు. "వద్దన్నా, పక్కదాంట్లో తీసుకో" అన్న ఒక్కమాట వంద రివ్యూల పెట్టు.

బాక్సు చేతికొచ్చాక

మూత తియ్యగానే చూడాల్సినవి కొన్ని. అన్నం ముద్దని రెండు వేళ్లతో విడదీస్తే తీగలా సాగినా, పప్పు మీద చిన్న చిన్న బుడగలు ఉన్నా, పులిసిన వాసన వచ్చినా ఇంక రుచి చూడకండి. అన్నం చెమట పట్టి మూత లోపల నీళ్లు కారుతుంటే వేడి మీదే మూత బిగించారని అర్థం, పాడైనట్టు కాదు. వేపుడు తిన్నాక వేళ్లకి జిడ్డు సబ్బుతో కూడా వదలకుండా మక్కిన వాసన వస్తుంటే నూనె చాలాసార్లు కాగింది. చికెన్ 65 ఎరుపు చేతికి అంటుకుని కడిగినా పోకపోతే అది కారం రంగు కాదు. వేడివేడి కూర న్యూస్‌పేపర్‌లో చుట్టి ఇచ్చేవాళ్ల దగ్గర మళ్లీ కొనొద్దు, ఇంకు తిండికి అంటుతుందని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. వంటింటి థర్మామీటర్ ఉంటే కూరలో గుచ్చి చూడండి, 60కి పైన ఉంటే టెన్షన్ లేదు. లేకపోతే బాక్సు అడుగున చెయ్యి పెట్టి చూడండి, కాసేపు కూడా పట్టుకోలేనంత వేడిగా ఉండటం మంచి లక్షణం. గోరువెచ్చగా ఉంటే ఎప్పుడు కట్టారో అడగండి.

తూకం వెయ్యండి, అదీ అన్నాన్ని పక్కనపెట్టి

వంటింటి కాటా ఒకటి కొనుక్కోండి. బాక్సుతో తూచి, తిన్నాక ఖాళీ బాక్సు తూచి తీసేస్తే లెక్క తేలుతుంది. కళ్లతో చూసి చెప్పడం కష్టం, ఎందుకంటే అడుగు లోపలికి ఎత్తుగా ఉన్న గుండ్రటి డబ్బాలు, అరలు లోతు తక్కువ ఉన్న ట్రేలు నిండుగానే కనిపిస్తాయి.

ఒక ఉదాహరణ చూడండి. హోమ్ కిచెన్ బాక్సు 120, డెలివరీ 30, మొత్తం 150. అందులో అన్నం 320 గ్రాములు, పప్పు 140, వేపుడు 70, పెరుగు 80, చారు ఉంది. యాప్‌లో "మినీ ఆంధ్రా థాలీ" 229, ఆఫర్‌లో 90 తగ్గింది, అంటే 139 అని మనసు సంబరపడుతుంది. దానికి ప్యాకింగ్ 20, ఆ రెండింటి మీద 5 శాతం జీఎస్టీ 8, డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజు, వాటి మీద పన్ను కలిపి 43. చివరికి కట్టేది 210. అందులో అన్నం 330 గ్రాములు, పప్పు 90, వేపుడు 45, పెరుగు 50, ఒక చిన్న స్వీటు.

మొత్తం బరువు చూస్తే పెద్ద తేడా ఉన్నట్టు అనిపించదు. అందుకే అన్నాన్ని పక్కనపెట్టమంటున్నాను. కిలో 60 రూపాయల బియ్యమైతే వంద గ్రాములకి ఆరు రూపాయలు, అది ఉడికితే పావుకిలో పైనే అన్నం అవుతుంది. కాబట్టి బాక్సు నింపడానికి చవకైన దారి అన్నమే. అన్నం తీసేస్తే మొదటిదాంట్లో పప్పు, వేపుడు, పెరుగు కలిపి 290 గ్రాములు, మీరు కట్టింది 150. రెండోదాంట్లో 185 గ్రాములు, కట్టింది 210. ఇప్పుడు ఏది చవకో ఎవరూ చెప్పక్కర్లేదు. పప్పులో పప్పెంత, నీళ్లెంత అన్నది కాటా చెప్పదు, అది గరిటె చెబుతుంది. వంచితే నీళ్లు ముందు జారి పప్పు అడుగునే ఉండిపోతే ఆ 140 గ్రాములు 140 కాదు.

చికెన్ బాక్సయితే ముక్కలు లెక్కపెట్టి ఊరుకోకండి, తిన్నాక ఎముకలు కూడా తూచి తీసెయ్యండి. మెడ ముక్కలు, రెక్క చివర్లు నాలుగు వేసినా "ఫోర్ పీసెస్" అనే రాస్తారు. "ఫ్యామిలీ ప్యాక్, నలుగురికి" అంటే గ్రాములెంతో అడగండి. పెద్దవాళ్లు బిర్యానీ ఒక్కటే తింటే మనిషికి 350 నుంచి 400 గ్రాములు పడుతుంది, 1200 గ్రాముల ప్యాక్ ముగ్గురికే.

మరీ చవకైనదాన్ని కూడా ఇలాగే లెక్కెయ్యండి. 80 రూపాయలకి చికెన్ భోజనం అంటున్నారు. పచ్చి చికెన్ 150 గ్రాములు కిలో 250 లెక్కన 37, బియ్యం 6, డబ్బాలు, కవరు కలిపి పది, నూనె, ఉల్లి, మసాలా, గ్యాస్ ఇంకో పదిహేను. అప్పటికే 68. మిగిలిన పన్నెండులో వండినావిడ కష్టం, అద్దె, మిగిలిపోయిన బాక్సుల నష్టం రావాలి. రాదు. చికెన్ తగ్గుతుంది, లేదా నూనె మళ్లీ మళ్లీ కాగుతుంది, లేదా నిన్నటిది ఇవాళ కలుస్తుంది.

నెల ప్యాకేజీ కట్టే ముందు

ఒకేసారి నెల డబ్బులు కడితే పది శాతం తగ్గిస్తామంటారు. ముందు వారానికి కట్టండి, వరసగా కాకుండా ఒక సోమవారం, ఒక శుక్రవారం, ఒక పండగ మర్నాడు తిని చూడండి. పండగ మర్నాడు అన్నాను కదా, మిగిలిపోయినవి ఎక్కువ ఉండే రోజు అదే. ఆ రోజు బాక్సు బాగుంటే వాళ్లని చాలావరకు నమ్మొచ్చు. సెలవు పెడితే డబ్బులు జమ చేస్తారా, ముందురోజు ఎన్నింటిలోపు చెప్పాలి, కూర ఎన్ని గ్రాములు ఇస్తారు, ఇవన్నీ ఫోన్‌లో మాట్లాడుకుని వదిలెయ్యకుండా వాట్సాప్‌లో రాయించుకోండి. యూపీఐలో డబ్బులు పంపేటప్పుడు వచ్చే పేరు, రిజిస్ట్రేషన్‌లో ఉన్న పేరు ఒకటేనా చూడండి, ఇంట్లోవాళ్ల పేరు అయితే పర్లేదు, ఏ సంబంధం లేని పేరయితే అడగండి. మూడో వారంలో ఒకసారి మళ్లీ కాటా బయటికి తియ్యండి. కూర తగ్గిపోయేది సాధారణంగా అప్పుడే. తగ్గితే గొడవేం అక్కర్లేదు, మొదటివారం తూకం ఫోటో, ఇవాళ్టి ఫోటో పక్కపక్కన పెట్టి "ఆంటీ, కూర కొంచెం తగ్గింది చూడండి" అని పంపితే మంచివాళ్లు మర్నాడే సరిచేస్తారు.

తిండి పాడైపోయి వస్తే మాత్రం పారేసే ముందు బాక్సు, మూత, బిల్లు, ఆర్డర్ టైమ్ కనిపించేలా ఫోటోలు తీసి, కొంచెం తీసి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. యాప్‌లో కొన్నదైతే ముందు అక్కడే ఫిర్యాదు పెట్టండి, డబ్బులు వెనక్కి వచ్చేది అక్కడే. కిచెన్ మీద చర్య కావాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉంది, అందులో ఫిర్యాదు పెట్టేటప్పుడు మొదట్లో మీరు అడిగి తీసుకున్న ఆ 14 అంకెల నంబర్, అడ్రస్ కూడా ఇవ్వండి. డబ్బుల విషయంలో మోసం అనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.